కిలో మటన్ కూర, నాలుగు కంచాలు: ప్రొటీన్ ఎవరికి ఎంత చేరింది?

బెంగళూరులో మారతహళ్లి వైపు ఆదివారం పొద్దున్నే మటన్ కొట్టు దగ్గరికి వెళ్తే లైన్లో సగం మాటలు తెలుగులోనే వినిపిస్తాయి. "తొడ నుంచి కొట్టు, కొవ్వు తీసెయ్, నల్లి బొక్క రెండు వెయ్యి" అని కొట్టతన్ని అడిగి కిలో తీసుకుని ఇంటికొస్తారు. ఈ మధ్య ఆ కిలో కూరగా మారేలోపే ఇంకో పని కూడా జరుగుతోంది. జిమ్‌కి వెళ్లే ఇంటాయనో, షుగర్ వచ్చాక ప్రొటీన్ చూసుకోమని డాక్టర్ చెప్పిన ఇంటావిడో ఫోన్లో యాప్ తెరిచి "మటన్, పచ్చిది, 1000 గ్రాములు" అని కొట్టేస్తారు. యాప్ 200 గ్రాముల ప్రొటీన్ అంటుంది. నలుగురున్న ఇల్లు కాబట్టి తలా 50 అనుకుని హాయిగా భోజనానికి కూర్చుంటారు.

ఆ 200 తప్పు. తలా 50 అనేది ఇంకా పెద్ద తప్పు. అసలు చిక్కేమిటంటే ఈ రెండు తప్పులూ కలిసినప్పుడు ఒక మనిషి కంచంలో లెక్క దాదాపు సరిగ్గా వచ్చేస్తుంది. దాంతో లోటు పడేది ఎవరికో వాళ్ల సంగతి ఎవరికీ కనపడదు. ఒక్క కూరనే తీసుకుని, కొట్లో తూకం దగ్గర నుంచి కంచంలో మిగిలిన ఎముకల దాకా వరుసగా చూద్దాం.

ముందు ఆ 200 ఎక్కడిది? ఎముక లేని, కొవ్వు తీసేసిన పచ్చి మేక మాంసం 100 గ్రాముల్లో ప్రొటీన్ సుమారు 20 గ్రాములు ఉంటుంది. మన హైదరాబాద్‌లోని జాతీయ పోషకాహార సంస్థ పట్టికలు చూసినా, అమెరికా వాళ్ల పట్టికలు చూసినా కొంచెం అటూ ఇటూగా ఇదే అంకె. మిగిలిందాంట్లో చాలావరకు నీళ్లే. అంటే ఎముక లేని పచ్చి మాంసం బరువులో ఐదో వంతు ప్రొటీన్. ఇది బండగుర్తుగా పెట్టుకోదగ్గది. అయితే పట్టికలో ఆ అంకె తినే భాగానికి ఇచ్చింది, కొట్లో కాటా మీద పడింది మాత్రం తినే భాగం ఒక్కటే కాదు. ఎముకలున్నాయి, పొరలున్నాయి, కొట్టతను "తీసేశాను సార్" అన్న కొవ్వులో కొంత అక్కడే ఉంది. కొన్ని కొట్లలో ముందు తూచి తర్వాత శుభ్రం చేస్తారు కాబట్టి, బిల్లు మీద కిలో అని ఉన్నా ఇంటికొచ్చింది 930 గ్రాములే అవ్వచ్చు. అందుకే బిల్లు మీద అంకె పట్టుకుని లెక్క మొదలుపెట్టకూడదు. ఇంట్లో మళ్లీ తూచాలి, అది కూడా కడగకముందే. పసుపు నీళ్లలో వేసి కడిగి జల్లెడలో వడగట్టాక తూస్తే ముక్కలకు అంటుకున్న నీళ్లు కూడా మాంసంగా లెక్కలోకి వస్తాయి.

ఇప్పుడు మన కూర. ఇంటి కాటా మీద కూడా సరిగ్గా కిలో వచ్చిందనుకుందాం. తెల్లగా గడ్డకట్టి ఉన్న కొవ్వు 50 గ్రాములు తీసి పక్కన పెట్టారు. మిగతా 950 గ్రాములు కుక్కర్లోకి వెళ్లాయి. అందులో ఎముకలెంత? పచ్చి ముక్కల్ని చూసి ఎవరూ చెప్పలేరు. తొడ ముక్కలు ఎక్కువ పడితే ఐదో వంతు ఉండొచ్చు, మెడ, పక్కటెముకలు, కాళ్ల కింది భాగం ఎక్కువ పడితే మూడో వంతు దాటొచ్చు. అన్నీ కలిపి కొట్టిచ్చిన మామూలు కూర ముక్కల్లో పావు భాగం ఎముకలే అనుకుంటే పెద్దగా తప్పు పోదు. కానీ అనుకోవాల్సిన పని కూడా లేదు, ఎందుకంటే ఎముకలు ఎక్కడికీ పోవు. తిన్నాక కంచాల్లోనే ఉంటాయి. వాటిని ఒక స్టీలు గిన్నెలో పోగేసి తూస్తే చాలు. కూర రాత్రికి కూడా మిగిలితే ఆ గిన్నెను మూతపెట్టి ఉంచి, రాత్రి వచ్చినవి కూడా అందులోనే వేసి అప్పుడు తూచాలి. మధ్యాహ్నానివి మాత్రమే తూచి మొత్తం కూరకు లెక్క కడితే మాంసం లేనిపోనిది ఎక్కువ కనిపిస్తుంది.

ఉడికిన ఎముక బరువు పచ్చి ఎముక బరువంత ఉండదు కదా అని కొందరికి అనుమానం రావచ్చు. నిజమే, కొంత మూలుగ పీల్చేస్తారు, చివర్లలో మెత్తబడ్డ భాగం కొరికేస్తారు, అంచేత కొంచెం తగ్గుతుంది. అంత మేరకు మాంసం బరువు ఎక్కువ చూపిస్తుంది. కిలో కూరలో ఆ తేడా కొన్ని గ్రాముల ప్రొటీన్‌ను మించదు. ఎముకల్ని అసలే తీసెయ్యకుండా లెక్క కట్టడంతో పోలిస్తే ఇది పట్టించుకోవాల్సిన తప్పు కాదు.

మన కూరలో అన్నీ పోగేశాక ఎముకలు 250 గ్రాములు తూగాయనుకుందాం. 950లోంచి 250 తీసేస్తే తినే మాంసం 700 గ్రాములు. అందులో ఐదో వంతు, 140 గ్రాముల ప్రొటీన్. యాప్ చెప్పింది 200. తూకం దగ్గరే 60 గ్రాములు గాల్లో కలిసిపోయాయి. కొంతమంది ఇంకో తప్పు చేస్తారు. యాప్‌లో "మటన్, ఉడికినది" అని ఉన్నదాన్ని ఎంచుకుని పచ్చి బరువు వేస్తారు. ఉడికిన మేక మాంసంలో 100 గ్రాములకు 27 దాకా ఉంటుంది కాబట్టి అది ఏకంగా 270 చూపిస్తుంది, అసలుకు దాదాపు రెట్టింపు. ఇంకో సంగతి, విదేశీ పట్టికల్లో మటన్ అంటే ముదురు గొర్రె మాంసం. మనం మటన్ అని కొనేది ఒక కొట్లో మేకపోతు అయితే ఇంకో కొట్లో పొట్టేలు. బెంగళూరులో బన్నూరు పొట్టేలు అంటే ప్రత్యేకంగా వెతుక్కుని వెళ్లి కొనేవాళ్లున్నారు. పొట్టేలు మాంసంలో కొవ్వు ఎక్కువ, ఆ మేరకు ప్రొటీన్ తగ్గి 100 గ్రాములకు 18 దగ్గర ఉంటుంది. ముక్క మధ్యలో తెల్లటి చారలు బాగా కనిపిస్తుంటే ఐదో వంతు కంటే కొంచెం తగ్గించి వేసుకోవడం మంచిది.

ఇక ఉడకడం దగ్గరికి వద్దాం. ఇక్కడ జనం ఎక్కువగా తికమక పడతారు. ఉడికితే మాంసం బరువు తగ్గుతుంది, అది చూసి ప్రొటీన్ కూడా పోయిందనుకుంటారు. పోయేది ఎక్కువగా నీళ్లు. వేడికి కండలోని పోగులు ముడుచుకుని లోపలి నీళ్లను బయటికి పిండేస్తాయి, ప్రొటీన్ గట్టిపడి చాలావరకు ముక్కలోనే ఉండిపోతుంది. నాలుగు విజిల్స్ వచ్చినా, ఎనిమిది వచ్చినా అంతే. ఎక్కువసేపు ఉడికిస్తే ప్రొటీన్ చచ్చిపోతుందన్న మాటకు అర్థం లేదు. మన 700 గ్రాముల మాంసం ఉడికాక 490 గ్రాములకు వచ్చిందనుకుందాం, అంటే 30 శాతం తగ్గింది. కూర ముక్కలకు ఇది మామూలే. ప్రొటీన్ చాలావరకు అంతే ఉండి బరువు తగ్గింది కాబట్టి గ్రాముకు ప్రొటీన్ పెరుగుతుంది. పచ్చి మాంసంలో ఐదో వంతు ఉన్నది ఉడికిన మాంసంలో నాలుగో వంతు అవుతుంది. పచ్చిదైతే ఐదో వంతు, ఉడికిందైతే నాలుగో వంతు, రెండింటికీ ఎముక తీసేశాకే. ఇంతకు మించి గుర్తు పెట్టుకోవాల్సిన అంకె ఈ కూరలో లేదు.

మరి గ్రేవీ సంగతేంటి? "రసంలోనే సత్తువంతా ఉంది" అన్న మాట మన ఇళ్లలో బాలింతల దగ్గర నుంచి ముసలివాళ్ల దాకా అందరికీ చెప్పే మాట. కొంచెం జాగ్రత్తగా చూడాలి దీన్ని. మాంసంలో నీళ్లలో కరిగే ప్రొటీన్లు కొన్ని ఉంటాయి, పచ్చి ముక్కల్ని గిన్నెలో పెడితే అడుగున ఎర్రగా ఊరే నీళ్లలో ఉండేవి అవే. ఉడికేటప్పుడు మొదట పైకి తేలే బూడిద రంగు నురగ కూడా ప్రొటీనే, వేడికి గడ్డకట్టింది. కొందరు ఆ మొదటి నీళ్లు పారబోస్తారు, దాంతోపాటు ఇదీ పోతుంది, కాకపోతే పోయేది కొంచెమే. ఇంకొకటి, ఎముక చివర్లలో, నరాల్లో, పొరల్లో ఉండే కొల్లాజెన్ మెల్లగా కరిగి జెలటిన్‌గా మారి రసంలోకి దిగుతుంది. కూర ఫ్రిజ్‌లో పెట్టి మర్నాడు తీస్తే గ్రేవీ జెల్లీలా వణుకుతుందే, ఆ జెలటిన్ వల్లే. చల్లగా ఉన్నప్పుడు నీళ్లు అలా గడ్డకట్టడానికి నూటికి రెండు పాళ్ల జెలటిన్ ఉంటే సరిపోతుంది. అంటే గ్రేవీ గట్టిగా జెల్లీ కట్టినంత మాత్రాన అందులో బోలెడు ప్రొటీన్ ఉందని కాదు, 100 గ్రాములకు రెండు గ్రాములున్నా అలా కడుతుంది. పైన తెల్లగా పేరుకున్న పొర మాత్రం కొవ్వు, దాన్ని జెల్లీతో కలిపి చూడకూడదు.

జెలటిన్‌కు ఇంకో లోపం ఉంది. శరీరం తనంతట తాను తయారుచేసుకోలేని, తిండి నుంచే రావాల్సిన అమైనో ఆమ్లాలు కొన్ని ఉన్నాయి. వాటిలో ట్రిప్టోఫాన్ అనేది జెలటిన్‌లో అసలు ఉండదు. అన్నంతోనో పప్పుతోనో కలిపి తింటే ఆ లోటు కొంత పూడుతుంది కానీ, గ్రేవీలోని గ్రాము ముక్కలోని గ్రాముతో సమానం కాదు. నల్లి బొక్కలోంచి పీల్చే మూలుగ విషయం కూడా అంతే. పిల్లలు దానికోసం పోటీ పడతారు, రుచికి తిరుగులేదు, కానీ అందులో ఉండేది ఎక్కువగా కొవ్వు.

మన కూరలో మాంసం నుంచి గ్రేవీలోకి పదో వంతు ప్రొటీన్ దిగిందని ఉదారంగానే వేసుకుందాం. 140లో 14 గ్రాములు గ్రేవీకి పోయి ముక్కల్లో 126 మిగిలాయి. 490 గ్రాముల ఉడికిన మాంసానికి 126 అంటే 100కి దాదాపు 26, మన నాలుగో వంతు లెక్కకు దగ్గరే. గ్రేవీలో మసాలాది కూడా కొంత ఉంటుంది. మూడు పెద్ద ఉల్లిపాయలు, రెండు టమాటాలు, అల్లం వెల్లుల్లి, కాస్త ఎండుకొబ్బరి, చెంచాడు గసగసాలు, అన్నీ కలిపి ఓ 12 గ్రాములు. నీళ్లు, నూనె కలుపుకుని గ్రేవీ మొత్తం 800 గ్రాములు వచ్చింది, అందులో ప్రొటీన్ 26 గ్రాములు. 100 గ్రాముల గ్రేవీకి మూడు గ్రాముల పైచిలుకు. నిండు గరిటెడు పోసుకుంటే రెండు మూడు గ్రాములు. ఇది చిక్కటి గ్రేవీ లెక్క. రాగి సంగటిలోకి అని బాగా నీళ్లు పోసి చేసే పల్చటి పులుసులో ఇంకా తగ్గుతుంది. నూనె మాత్రం ఎక్కువభాగం గ్రేవీలోనే ఉంటుంది. నాలుగు గరిటెల గ్రేవీ పోసుకున్నవాళ్లకు ప్రొటీన్ పెద్దగా రాదు, నూనె మాత్రం బాగానే వస్తుంది.

ఇప్పుడు కుండలో ఏముందో తెలిసింది. మాంసం 490, ఎముకలు 250, గ్రేవీ 800, మొత్తం 1540 గ్రాముల కూర. ఇక వడ్డన.

యాప్‌లో వంటకం మొత్తాన్ని ఎక్కించి, వండిన బరువు వేసి, తర్వాత ఎవరు ఎన్ని గ్రాములు తిన్నారో కొట్టే పద్ధతి ఒకటుంది. పప్పుకు, సాంబారుకు, ఉప్మాకు అది బ్రహ్మాండంగా పనిచేస్తుంది, ఎందుకంటే ఏ గరిటెలో అయినా ఒకటే సరుకు. మటన్ కూర అలా కాదు. ఒక గరిటెలో నాలుగు ముక్కలు రావచ్చు, ఇంకో గరిటెలో ఒక ఎముక, మిగతాదంతా గ్రేవీ రావచ్చు.

ఇంటాయన గిన్నెలో 350 గ్రాముల కూర పడింది. అందులో ముక్కలు 250, గ్రేవీ 100. తిన్నాక ఎముకలు 80 గ్రాములు మిగిలాయి, అంటే మాంసం 170 తిన్నారు. అందులో ప్రొటీన్ 44, గ్రేవీలోంచి మూడు, మొత్తం 47. ఎముకలతో సహా కిలో అని ఎక్కించిన యాప్ ఏం చెప్పింది? మాంసానికి 200, మసాలాకు 12, మొత్తం 212ని 1540 గ్రాములకు సమానంగా పంచి, 350 గ్రాములకు 48 అంది. అసలు 47, యాప్ 48. ఇంటాయనకు యాప్ మీద గట్టి నమ్మకం కుదిరిపోయింది.

అందరికీ వడ్డించి చివర్లో కూర్చున్న ఇంటావిడ గిన్నెలోనూ 350 గ్రాములే పడింది. అప్పటికి మంచి ముక్కలు అయిపోయాయి, పైగా రాత్రికి కొన్ని ఉంచాలి. ఆవిడకు వచ్చినవి ముక్కలు 120, గ్రేవీ 230. ఆ 120లో సగం ఎముకే, పక్కటెముకలు, మెడ ముక్కలు. మాంసం 60 గ్రాములు, అందులో ప్రొటీన్ 15. గ్రేవీలోంచి ఏడున్నర. మొత్తం 23. యాప్ ఆవిడకు కూడా 48 అనే చెప్పింది. ఒకే కుండ, ఒకే బరువు, సగానికి సగం తేడా.

ఎముకల్ని మాంసంగా లెక్కేసిన తప్పు అందరి అంకెనూ పెంచింది. ముక్కల్ని, గ్రేవీని ఒకటిగా చూసిన తప్పు ముక్కలు ఎక్కువ తిన్నవాళ్ల అంకెను తగ్గించి, గ్రేవీ ఎక్కువ తిన్నవాళ్ల అంకెను మళ్లీ పెంచింది. అందుకే ముక్కలు తిన్న మనిషి దగ్గర రెండు తప్పులూ కొట్టుకుపోయి సరైన అంకె మిగిలింది, గ్రేవీ తిన్న మనిషి దగ్గర రెండూ ఒకదాని మీద ఒకటి పేరుకున్నాయి. ఎముకల తప్పు ఒక్కటీ దిద్దినా సరిపోదు. 140కి 12 కలిపి 152ని సమానంగా పంచితే ఇద్దరికీ 34 వస్తుంది, అది ఆయనకు తక్కువ, ఆవిడకు ఇంకా ఎక్కువే. చాలా ఇళ్లలో లెక్క చూసేది ముక్కలు ఎక్కువ పడే మనిషే కాబట్టి తప్పు బయటపడదు. ఇంట్లో ఎవరికి ప్రొటీన్ తక్కువవుతోందో తెలుసుకోవడానికే కదా ఇదంతా, మరి ఆ మనిషి కంచం దగ్గరే లెక్క తప్పితే మిగతా కంచాల్లో సరిపోయి ఏం లాభం?

అత్తగారిది మూడో రకం. "అత్తయ్యా, రెండు ముక్కలు వేస్తాను" అంటే "వద్దమ్మా, నమల్లేను, గ్రేవీ పొయ్యి చాలు" అంటారు. బలవంతం మీద మెత్తటి ముక్క ఒకటి, 40 గ్రాములు, గ్రేవీ 160 గ్రాములు. ప్రొటీన్ మొత్తం 15, 16 గ్రాముల మధ్య. యాప్ చెప్పేది 27 పైన. 2020లో మన వైద్య పరిశోధన మండలి, జాతీయ పోషకాహార సంస్థ కలిసి ఇచ్చిన సిఫార్సు ప్రకారం పెద్దవాళ్లకు రోజుకు కిలో శరీర బరువుకు 0.83 గ్రాముల ప్రొటీన్ కావాలి. 50 కిలోల మనిషికి 41 గ్రాముల పైన. వారానికి ఒకసారి మటన్ వండిన రోజు కూడా ఆ పూట అందులో సగం రాలేదంటే, మటన్ తిన్నారు కదా అని రాత్రికి పెరుగన్నంతో సరిపెట్టడం ఎంత తప్పో అర్థమవుతుంది.

మరి కంచం దగ్గర సరిగ్గా లెక్క చూడాలంటే ఏం చెయ్యాలి? కుండ బరువు, నీళ్ల బరువు, మసాలా బరువు ఏదీ అక్కర్లేదు. వంటింటి చిన్న కాటా మీద ఖాళీ గిన్నె పెట్టి సున్నా చెయ్యాలి. చిల్లుల గరిటెతో ముక్కల్ని మాత్రం తీసి, గ్రేవీ కారనిచ్చి అందులో వేసుకుని అంకె రాసుకోవాలి. మళ్లీ సున్నా చేసి గ్రేవీ పోసుకోవాలి. తిన్నాక అదే కాటా మీద ఎముకలు తూచి ముక్కల బరువులోంచి తీసేస్తే తిన్న మాంసం తెలుస్తుంది, దానిలో నాలుగో వంతు ప్రొటీన్. గ్రేవీకి గరిటెకు రెండు మూడు గ్రాములు కలుపుకుంటే చాలు. ముక్కలకు అంటుకున్న మసాలా కూడా కొంత తూగుతుంది, మరీ చిక్కటి గ్రేవీ అయితే పది శాతం దాకా అదే ఉండొచ్చు, అలాంటప్పుడు కొంచెం తగ్గించుకోవాలి. ఎముకల మీద కూడా కొంత మసాలా అంటుకునే ఉంటుంది కాబట్టి ఆ తేడా కొంత దానంతటదే సర్దుకుంటుంది.

ఈ లెక్క సరిగ్గా వచ్చిందో లేదో తెలుసుకునే దారి కూడా ఉంది. నలుగురూ రెండు పూటలా తిన్న మాంసం బరువులు కలిపితే, ఎముకలు పోను ఉన్న పచ్చి మాంసంలో మూడింట రెండు వంతులకు కాస్త అటూ ఇటూగా రావాలి. మన కూరలో 700కి 490 వచ్చింది. 600 వచ్చిందంటే ముక్కలతో గ్రేవీ కూడా తూగుతోందన్నమాట, లేదా ఎవరో ఎముకల్ని చెత్తబుట్టలో వేసేశారు. 380 వచ్చిందంటే ముక్కలు బాగా ఎండిపోయాయి, లేదా వంట మధ్యలో ఉప్పు చూసే వంకతో కొన్ని ముక్కలు మాయమయ్యాయి.

నాలుగో వంతు గుర్తు చెడిపోయేది వేపుడు దగ్గర. మటన్ ఉడికించి మళ్లీ మూకుట్లో ముక్కలు నల్లబడేదాకా వేయిస్తే నీళ్లు ఇంకా పోయి బరువు సగానికి దగ్గరగా పడిపోతుంది. అప్పుడు 100 గ్రాముల ముక్కల్లో 30 గ్రాముల పైనే ప్రొటీన్ ఉండొచ్చు, నాలుగో వంతు వేసుకుంటే తక్కువ చూపిస్తుంది. ఇలాంటి వంటకు పచ్చి బరువే నమ్మకమైన ఆధారం. ఎముకలు తీసేసిన పచ్చి మాంసంలో ఐదో వంతు మొత్తం ప్రొటీన్, దాన్ని ఎవరు ఎన్ని ముక్కలు తిన్నారన్న నిష్పత్తిలో పంచుకుంటే సరిపోతుంది. కీమా కూరకైతే ఏ బాధా లేదు, ఎముక ఉండదు, గరిటెగరిటెకూ తేడా కూడా పెద్దగా రాదు, అక్కడ యాప్ పద్ధతే చక్కగా పనిచేస్తుంది.

ప్రతి ఆదివారం ఎముకలు తూచక్కర్లేదు. ఒకే కొట్లో, ఒకే రకం ముక్కలు కొనేవాళ్లు మూడు నాలుగు వారాలు తూస్తే వాళ్ల కొట్టు లెక్క వాళ్లకు తెలిసిపోతుంది. ఒక ఇంట్లో అది కిలోకు 220 రావచ్చు, ఇంకో ఇంట్లో 320. తర్వాత నుంచి అదే అంకె వాడుకోవచ్చు. కొట్టు మారితే, లేదా ప్యాకెట్‌లో వచ్చే కూర ముక్కలు మొదలుపెడితే మళ్లీ ఒకసారి తూచాలి. తలకాయ, కాళ్లు మాత్రం ఈ లెక్కలో కలపకూడదు. వాటిలో ఎముక, తోలు, కొల్లాజెన్ పాళ్లు వేరు, మామూలు మాంసానికి వాడే ఐదో వంతు అక్కడ నిలబడదు.

బయట తినేటప్పుడు కాటా ఉండదు. బెంగళూరు మిలిటరీ హోటళ్లలో ముద్ద, మటన్ సారు చెప్పుకుంటే అనంతపురం, చిత్తూరు వాళ్లకు ఇంటి సంగటి, పులుసు గుర్తొస్తాయి. అక్కడ సారు ఎన్నిసార్లు పోయించుకున్నా ప్రొటీన్ పెద్దగా పెరగదు. కంచం అంచున పోగుపడ్డ ఎముకల్ని చూసి, తిన్న మాంసం మొత్తం ఎంతుంటుందో కంటితో అంచనా వేసుకోవడమే. కోడిగుడ్డు పరిమాణంలో ఉండే, ఎముక లేని ఉడికిన ముక్క సుమారు 50 గ్రాములు తూగుతుంది. దాంట్లో నాలుగో వంతు, 12, 13 గ్రాములు. అలాంటివి ఎన్ని తిన్నామని లెక్కపెట్టుకుంటే నిజానికి చాలా దగ్గరగా వస్తుంది.

ఇంట్లో అయితే అంచనాల కన్నా వడ్డించే వరుస మార్చడం తేలిక. కూర దింపగానే, ఎవరికీ పెట్టకముందే, చిల్లుల గరిటెతో భుజం వైపు మెత్తటి ముక్కలు తీసి ఎముకల నుంచి మాంసం ఊడదీసి 80 గ్రాములు ఒక చిన్న గిన్నెలో వెయ్యాలి. వేళ్లతో పోగులు పోగులుగా విడదీసి, రెండు గరిటెల వేడి గ్రేవీ కలిపి మూతపెడితే అది అత్తగారి అన్నంలోకి. నమలాల్సిన పని పెద్దగా ఉండదు, గ్రేవీ తిన్నట్టే ఉంటుంది, లోపలికి 25 గ్రాములు వెళ్తాయి. ఇంకో గిన్నెలో ఇంటావిడ ముక్కలు, ఎముకలు పోను 120 గ్రాములు వచ్చేలా, అప్పుడే తీసి పెట్టాలి. ఆ తర్వాతే మిగతా కంచాలు.